కూర్చుని లేస్తే కాలిలోకి గుంజే నొప్పి: దాని కొస ఎటు నడుస్తోందో చూడండి

"సార్, నా వయసు 36. హన్మకొండలో ఉంటాను. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని, వారానికి రెండుసార్లు బస్సులో హైదరాబాద్ పోయి వస్తాను. నెల రోజుల నుంచి గంట కూర్చుని లేస్తే కుడి పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు గుంజుతోంది. దగ్గినా తుమ్మినా వస్తోంది. నడుస్తుంటే కాస్త నయం. ఎడమ కాలికి ఏమీ లేదు. ఎట్లా కూర్చోవాలి, ఎట్లా పడుకోవాలి? ఎప్పుడు భయపడాలి?"

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఎందుకంటే ఆ లక్షణాలుంటే మిగతాది చదువుతూ కూర్చోకూడదు.

మూత్రానికి వెళ్తే ధార మొదలవడం కష్టంగా ఉందా? లేదా పోస్తున్నట్టే తెలియడం లేదా? సైకిల్ సీటు తగిలే చోట, అంటే తొడల మధ్య, మలద్వారం చుట్టూ, కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలినట్టు తెలియకుండా మొద్దుబారిందా? విరేచనం ఆపుకోలేకపోతున్నారా? ఒక కాలి నొప్పి రెండు కాళ్లకూ పాకిందా? వీటిలో ఏది కొత్తగా వచ్చినా పొద్దున ఓపీ దాకా ఆగొద్దు. ఆ రాత్రే ఎమ్మారై, వెన్నెముక సర్జన్ అందుబాటులో ఉండే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. నడుము కింది భాగంలో నరాలన్నీ గుర్రం తోకలా ఒక కట్టగా దిగుతాయి. ఆ కట్ట మొత్తం నలిగిపోతే వచ్చే లక్షణాలివి. దీనికి ఆపరేషన్ గంటల లెక్కలో జరగాలి. ఆలస్యమైతే కాలి నొప్పి తగ్గినా మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. సిగ్గుపడి డ్యూటీ డాక్టర్‌తో "నడుము నొప్పి సార్" అని ఊరుకుంటారు. ఆయన ఒక ఇంజెక్షన్ రాసి పంపిస్తాడు, ఆయన తప్పేం లేదు. నోరు తెరవగానే "మూత్రం సరిగా రావట్లేదు, కూర్చునే చోట మొద్దుబారింది" అని చెప్పండి. నొప్పి సంగతి తర్వాత.

మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు కాబట్టి ముందుకు పోదాం. నేను హన్మకొండలోనే 17 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కూర్చునే పనివాళ్లే ఎక్కువ.

మీరు చెప్పిన మూడు ముక్కలు, అంటే కూర్చుంటే ఎక్కువ, దగ్గితే వస్తుంది, నడిస్తే నయం అన్నవి, డిస్క్ వైపు వేలు చూపిస్తున్నాయి. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండేదే డిస్క్. బయట గట్టి పొరలు, లోపల జిగురు లాంటి గుజ్జు. ముందుకు వంగి గంటల తరబడి కూర్చుంటే ఆ గుజ్జు వెనక్కి నెట్టుకుంటుంది. సరిగ్గా అక్కడే కాలికి పోయే నరం వేరు ఉంటుంది. ఉబ్బిన డిస్క్ దాన్ని ఒత్తడమే కాదు, లోపలి గుజ్జు తగిలితే ఆ వేరు వాచి మంట పుడుతుంది కూడా. దగ్గినప్పుడు కడుపులో, వెన్నులో ఒత్తిడి ఒక్కసారి పెరుగుతుంది కాబట్టి కరెంటు కొట్టినట్టు అవుతుంది. అంటే పుండు నడుములో ఉంది, అరుపు పిక్కలో వినిపిస్తోంది. పిక్కకు నూనె రాసి గంటసేపు పిసికినా ఎందుకు తగ్గదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నా దగ్గరికి వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది, "అరచేత్తో రుద్ది చూపించొద్దు, ఒక్క వేలితో గీత గీయండి" అని. గీత పిక్క బయటి పక్క నుంచి పాదం పైభాగం మీదుగా బొటనవేలికి పోతే నలిగిన వేరు ఒకటి. పిక్క వెనక నుంచి మడమ, అరికాలు, చిటికెన వేలి వైపు పోతే దాని కిందిది. నూటికి తొంభై మందికి పైగా ఈ రెండింటిలో ఏదో ఒకటే. మీరు పిక్క దాకా అన్నారు కానీ పిక్కలో ఏ పక్కో రాయలేదు. ఈ రాత్రి ఒకసారి వేలితో గీసి చూసుకోండి. ఆ గీత చివర, అంటే నొప్పి కొస, ఎక్కడ ఆగుతోందో గుర్తుపెట్టుకోండి. ఇకపై మీకు కొలబద్ద అదే.

దాన్ని ఎట్లా వాడాలో చెప్పాలంటే ఒకతని సంగతి చెప్పాలి. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా, అప్పటికి 41 ఏళ్లు. మిర్చి సీజన్‌లో పొద్దున నుంచి రాత్రి దాకా పరుపు మీద సక్లం ముక్లం వేసుకుని, ముందు చిన్న డెస్క్ మీద ఖాతా పుస్తకం పెట్టుకుని వంగి రాయడమే పని. ఎడమ కాలు. నొప్పి పిర్ర నుంచి చిటికెన వేలి దాకా, అరికాలు బయటి అంచున తిమ్మిరి. నా దగ్గరికి వచ్చేనాటికి మూడు వారాలైంది. అప్పటిదాకా ఫోన్‌లో వీడియోలు చూసి రోజూ వంగి కాలి వేళ్లు పట్టుకునే ప్రయత్నం చేస్తున్నాడు. తొడ వెనక "నరం గుంజింది" కాబట్టి దాన్ని సాగదీయాలని అతని లెక్క. కానీ అక్కడ బిగిసింది కండ కాదు, పైన ఇరుక్కున్న నరం. ఒక చివర తలుపు సందులో ఇరుక్కున్న తాడును రెండో చివర పట్టుకుని లాగినట్టన్నమాట. ఒక్కో రోజు సాగదీసిన తర్వాత నొప్పి ఇంకో జానెడు కిందికి దిగేది.

వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు మడవకుండా ఎడమ కాలు పైకి లేపితే సగం ఎత్తు కూడా రాకముందే పాదం దాకా కొట్టింది. గోడ పట్టుకుని ఒంటి కాలి మునివేళ్ల మీద లేవమంటే కుడి కాలితో పదిసార్లు సునాయాసంగా లేచాడు, ఎడమతో నాలుగుసార్లకే మడమ దిగిపోయింది. అంటే బలం కాస్త తగ్గింది. అందుకే నేను చెయ్యి వేసేముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకుని రమ్మన్నాను. ఆయన చూసి, ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదు, బలం తగ్గుతోందేమో వారం వారం చూస్తుండండి అన్నారు.

తర్వాత చేసిందల్లా బోర్లా పడుకోబెట్టడమే. మొదట పొట్ట కింద పల్చటి దిండు పెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చేతులు పక్కన వదిలేసి ఐదు నిమిషాలు. "ఇప్పుడు కొస ఎక్కడుంది?" అంటే చీలమండ దగ్గరికి వచ్చిందన్నాడు. దిండు తీసేసి ఇంకో ఐదు నిమిషాలు, పిక్క. అప్పుడు మోచేతుల మీద ఛాతీ లేపి, పిల్లలు నేల మీద పడుకుని పుస్తకం చదువుతారే, అట్లా మూడు నిమిషాలు ఉంచాను. "సార్, కాలు తేలికైంది గానీ నడుము బాగా నొస్తోంది, ఇక ఆపుదాం" అన్నాడు భయపడి. నేను ఆపలేదు, ఎందుకంటే నాకు కావలసింది అదే. పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు నొప్పి వెనక్కి పోతుంటే, నడుములో అది కాస్త పెరిగినా, దారి సరైనదే. ఏ భంగిమలోనైనా కొస కిందికి, పాదం వైపు జారుతుంటే, నడుము హాయిగా అనిపించినా అది మనకు పనికిరాదు. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే ఏ వీడియోలోని ఏ వ్యాయామాన్నైనా మీరే తూచుకోవచ్చు.

ఇంటి దగ్గర ప్రతి రెండు గంటలకోసారి బోర్లా పడుకుని, మోచేతుల మీద రెండు నిమిషాలు ఉండి, తర్వాత అరచేతులు ఆనించి నడుము, తుంటి వదులుగా వదిలేసి ఛాతీని నెమ్మదిగా పదిసార్లు లేపమన్నాను. లేపేది చేతులే, నడుము కండరాలు కావు. దుకాణంలో పడుకునే వీల్లేనప్పుడు నిలబడి రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని వెనక్కి ఐదారుసార్లు వంగమన్నాను. పరుపు తీసేసి స్టూలు, ఎత్తు బల్ల వేయించుకున్నాడు. సేటుకు మొదట నచ్చలేదు, ఆ గొడవ వేరే.

వారం తిరిగేసరికి పాదంలో నొప్పి పోయింది. తొమ్మిదో రోజు చెప్పాపెట్టకుండా వ్యాన్‌లో పదిమందితో ఇరుక్కుని మేడారం జాతరకు పోయాడు. తిరిగి వచ్చేసరికి కొస మళ్లీ చిటికెన వేలికి చేరింది. అంతా పాడైపోయిందని మొహం వేలాడేసుకుని వచ్చాడు. పొట్ట కింద దిండుతో మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెడితే మూడు రోజుల్లో ఉన్నచోటికి వచ్చాడు. మూడు వారాలకు నొప్పి పిర్రలో మాత్రమే మిగిలింది. చిటికెన వేలి తిమ్మిరి రెండు నెలలు పట్టింది, మునివేళ్ల మీద పదిసార్లు లేవడానికి ఇంచుమించు పది వారాలు. తిమ్మిరి ఎప్పుడూ నొప్పి కంటే ఆలస్యంగానే పోతుంది. అది తగ్గుతూ పోతుంటే కంగారు అక్కర్లేదు.

ఇక మీ సంగతి. ఈ రాత్రే నేల మీద చాప వేసుకుని బోర్లా పడుకుని చూడండి. కొస పైకి వస్తే పైన చెప్పిన పద్ధతే మీకూ. ఐదు నిమిషాలకు కాలిలో నొప్పి ఇంకా కిందికి దిగితే ఆపేయండి, బలవంతం వద్దు. బాగా వాచి ఉన్న రోజుల్లో కొందరికి బోర్లా అస్సలు పడదు. వాళ్లకు వేరే భంగిమ ఉంది. వెల్లకిలా పడుకుని రెండు పిక్కలూ కుర్చీ మీద పెట్టండి. తుంటి దగ్గర, మోకాలి దగ్గర కాలు చదరంలా మడిచి ఉండాలి. పది పదిహేను నిమిషాలు అట్లా ఉంటే నరం మీద లాగుడు తగ్గుతుంది. ఇది ఉపశమనమే తప్ప వైద్యం కాదు, కానీ నొప్పి పట్టుకుని ఊపిరాడని రాత్రి ఇదే ఆదుకుంటుంది. రెండు మూడు రోజులయ్యాక బోర్లా మళ్లీ ప్రయత్నించండి.

పడుకోవడం ఎడమ పక్కకు, అంటే నొప్పి కాలు పైకి వచ్చేట్టు, మోకాళ్ల మధ్య మందపాటి దిండుతో. దిండు లేకపోతే పై కాలు ముందుకు జారి నడుము మెలిపడుతుంది. లేచేటప్పుడు వెల్లకిలా నుంచి నిటారుగా లేవొద్దు. పక్కకు తిరిగి, కాళ్లు మంచం దించి, చేత్తో నెట్టుకుని లేవండి. పొద్దున మొదటి గంట ఎక్కువ జాగ్రత్త కావాలి. రాత్రంతా డిస్క్ నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది, అప్పుడు వంగితే ఒత్తిడి బాగా పడుతుంది. మొహం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి సింక్ మీద ఆనించండి, బకెట్ ఎవరినైనా ఎత్తమనండి. నేల లెట్రిన్ అయితే కొన్ని వారాలు కమోడ్ వాడండి, లేదంటే మెడికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ వేసుకోండి. ముక్కాల్సి వచ్చినా నొప్పి కొడుతుంది కాబట్టి మలబద్ధకం రాకుండా చూసుకోండి.

ఆఫీసులో మెత్తటి కుర్చీ కోసం వెతకొద్దు, మునిగిపోయే కుర్చీ మీకు శత్రువు. తుంటి మోకాళ్ల కంటే రెండు వేళ్లు ఎత్తుగా ఉండాలి. తువ్వాలు చుట్టచుట్టి, ముంజేయి అంత లావున, బెల్టు పెట్టుకునే చోట వెనక ఆనించుకోండి. స్క్రీన్ కళ్ల ఎత్తుకు రావాలి. ల్యాప్‌టాప్ అయితే కింద ఫైళ్లు పేర్చండి. ఇంత చేసినా, ఎంత మంచి కుర్చీ అయినా, 25 నిమిషాలు దాటి ఒకే తీరుగా కూర్చుంటే లాభం లేదు. అలారం పెట్టుకుని లేవండి, ఐదారుసార్లు వెనక్కి వంగండి, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి. వెనక జేబులో పర్సు ఉంటే ఈ రోజే ముందు జేబులోకి మార్చండి.

హైదరాబాద్ ప్రయాణం కొన్ని వారాలు వాయిదా వేయగలిగితే వేయండి. తప్పదంటే రైలు మేలు, లేచి తిరగొచ్చు. బస్సే అయితే వెనక సీట్లు వద్దు, ఎగరేసే కుదుపులన్నీ అక్కడే. మధ్య సీటు తీసుకుని నడుము వెనక తువ్వాలు పెట్టుకోండి. జనగామలో బస్సు ఆగితే దిగి నాలుగడుగులు వేసి వెనక్కి వంగండి, ఆగకపోతే సీటు రాడ్డు పట్టుకుని కాసేపు నిలబడండి. బైక్ మీద గుంతల్లో తిరగడం కూడా ఇప్పుడే వద్దు. అట్లాగని మంచానికి అతుక్కుపోవడమూ తప్పే. రెండు రోజులకు మించి పడుకుంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది. నడక మీకు నయంగా ఉందన్నారు కదా, రోజుకు నాలుగైదుసార్లు పదేసి నిమిషాలు నడవండి.

ఒక హద్దు చెప్పాలి. ఇదంతా మీ వయసు డిస్క్ నొప్పికి. మీ ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లకు కాళ్ల నొప్పి ఉండి, కొంత దూరం నడవగానే కాళ్లు బరువెక్కి కూర్చోవాల్సి వస్తూ, ముందుకు వంగి తోపుడుబండి పట్టుకున్నట్టు నడిస్తే హాయిగా ఉంటోందంటే అది వేరే జబ్బు, వెన్ను నాళం ఇరుకైపోవడం. వాళ్లకు వెనక్కి వంగే వ్యాయామం నొప్పి పెంచుతుంది. ఇది చదివి నాన్నతో చేయించొద్దు.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తొక్కించుకుంటే పోతుందని మీకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. కండ పట్టేసిన నొప్పి ఎట్లాగూ మూడు రోజుల్లో పోయేదే, పేరు తొక్కినవాళ్లకు వస్తుంది. డిస్క్ ఉబ్బిన నడుము మీద మనిషి బరువు వేయడం మాత్రం ప్రమాదం. ఊళ్లో ఏదో ఒక నొప్పి సూది పిర్రకు వేయించుకోవడం ఇంకొకటి. ఆ నరం పిర్ర మధ్యలోంచే పోతుంది. సూది వేసే చోటు తప్పితే కాలు పడిపోయిన కేసులు నేను చూశాను. నొప్పి మాత్రలు డాక్టర్ని అడిగి, అన్నం తిన్న తర్వాత కొద్ది రోజులు వాడొచ్చు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, బీపీ ఉన్నవాళ్లు, రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు సొంతంగా కొనుక్కోకూడదు.

ఎమర్జెన్సీ కాకపోయినా ఒకటి రెండు రోజుల్లో డాక్టర్ దగ్గరికి పోవాల్సినవి ఇప్పుడు చెప్తాను. రోజూ పొద్దున పది అడుగులు మడమల మీద, పది మునివేళ్ల మీద నడవండి. మడమల మీద నడిచేటప్పుడు కుడి పాదం ముందుభాగం కిందికి వాలిపోతున్నా, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోతున్నా, బొటనవేలు గడపకు తట్టుకుంటున్నా నరం బలం పోతోందని అర్థం. ఇందులో ఒక మోసం ఉంది. కొందరికి సరిగ్గా అప్పుడే నొప్పి ఉన్నట్టుండి మాయమవుతుంది. తగ్గిందని సంబరపడి ఇంట్లో ఉండిపోతారు. నొప్పి పోయి పాదం వాలితే అది తగ్గడం కాదు, నరం చచ్చుబడడం. అట్లా జరిగితే అదే రోజు చూపించుకోవాలి.

ఇంకో రకం కూడా ఉంది. ఏ భంగిమలోనూ తగ్గని, రాత్రి పడుకున్నా నిద్ర లేపే నొప్పి, సాయంత్రం పూట సన్నగా జ్వరం, బరువు తగ్గడం, వెన్నులో ఒకే ఎముక మీద వేలితో తడితే నొప్పి. ఇది డిస్క్ తీరు కాదు. మన దగ్గర వెన్నెముకకు టీబీ రావడం అరుదేమీ కాదు. పాత క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు, కింద పడ్డ తర్వాత నొప్పి మొదలైనవాళ్లు వ్యాయామాల జోలికి పోకుండా ముందు పరీక్షలు చేయించుకోవాలి.

ఎమ్మారై ఇప్పుడే తీయించాలా అని తప్పకుండా అడుగుతారు. నొప్పి ఏమాత్రం లేనివాళ్లకు తీసినా చాలామందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టులో ఆ మాట చూసి టెన్షన్ పడి బరువు ఎత్తడం, నడవడం మానేసినవాళ్లను ఎంతమందినో చూశాను. బలం తగ్గినా, పైన చెప్పిన ప్రమాద లక్షణాలున్నా వెంటనే తీయించాలి. లేదంటే మొత్తం ఆరు వారాలు చూసి, కొస కదలకపోతే తీయించండి. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుతుంది, బయటికి వచ్చిన గుజ్జును ఒళ్లే కరిగించుకుంటుంది. ఆపరేషన్ చేయించుకుంటే కాలి నొప్పి త్వరగా పోయే మాట నిజమే. కానీ ఏడాది తర్వాత చూస్తే చేయించుకున్నవాళ్లూ, ఆగినవాళ్లూ ఇంచుమించు ఒకేచోట ఉంటారు. అందుకే బలం బాగుండి, నొప్పి ఓర్చుకోగలిగితే ఆగడంలో తప్పులేదు.

మీకు ఇప్పటికి నెల అయింది కాబట్టి ఈ వారంలో ఒకసారి డాక్టర్‌తో కాలి బలం, రిఫ్లెక్స్ చూపించుకోండి. వారం తర్వాత ఇక్కడే రాయండి: వేలితో గీసిన గీత పిక్కలో ఏ పక్కన పోతోంది, బోర్లా పడుకున్నాక కొస ఎంత పైకి వచ్చింది, కుడి కాలి మునివేళ్ల మీద ఎన్నిసార్లు లేవగలిగారు.